రద్దయిన రొయ్యల ఖాతా పని: ఎక్కడ చెడింది, ఈసారి ఎలా పట్టుకోవాలి

టీమ్‌లో అందరికీ,

రొయ్యల మేత డీలరు గారికి మనం రాస్తున్న ఖాతా ప్రోగ్రాము పని పోయిన మంగళవారంతో రద్దయింది. 14 వారాలకి ఒప్పుకున్న పని 22వ వారంలో ఆగింది. తీసుకున్న అడ్వాన్సులో సగం వెనక్కిచ్చేశాం, మిగతా సగానికి ఇప్పటిదాకా రాసిన కోడంతా ఆయనకే అప్పజెప్పాం. లెక్కల వరకు అది తీరిపోయింది.

ఇలా మధ్యలో ఇరుక్కున్న పనుల్ని ఈ పన్నెండేళ్లలో నేను చాలాసార్లు అందుకుని ఒడ్డుకి చేర్చాను. దాదాపు ప్రతిసారీ జబ్బు ఒకటే, దాన్ని పట్టించే పరీక్షా ఒకటే, ఆ పరీక్షని ఎవరూ చెయ్యకపోవడమూ ఒకటే. ఈసారి చెయ్యనివాణ్ణి నేనే. అందుకే దీన్ని సంజాయిషీలా కాకుండా రిపేరు కాగితంలా రాస్తున్నాను: పైకి ఏం కనిపించింది, లోపల ఏం చెడింది, ఏం చెయ్యాలి. బ్యాకప్పులు, బగ్గుల పట్టిక, టెస్టింగు లాంటివి మీకు కొత్త కాదు కాబట్టి వాటి జోలికి పోను.

పైకి కనిపించినవి

11వ వారం నుంచి 19వ వారం దాకా మన సోమవారం మీటింగు నోట్సులో ఒకే మాట ఉంది: "దాదాపు అయిపోయింది." తొమ్మిది వారాల పాటు ఒక పని దాదాపు అయిపోయే ఉందంటే, అది అవ్వడం లేదని అర్థం. ఆ నోట్సు రాసింది నేను, చదివింది మీరు. ఎవరమూ ఆగి అడగలేదు.

రెండోది, 15వ వారంలో నేను డీలరు గారి షాపుకి వెళ్లినప్పుడు కనబడింది. మనం పెట్టించిన కంప్యూటరు పక్కనే గుమాస్తా గారు పాత ఎర్రబట్ట ఖాతా పుస్తకంలో రాసుకుంటున్నారు. "రెండు చోట్లా ఎక్కిస్తున్నారా?" అని అడిగాను. "దీంట్లో అన్నీ రావు గదయ్యా, పుస్తకం లేకపోతే ఎట్టా?" అన్నారు. ఆ 'అన్నీ' అంటే ఏంటో నేను అడగలేదు. కంప్యూటరుకి అలవాటు పడటానికి టైమ్ పడుతుందిలే అనుకుని టీ తాగి వచ్చేశాను.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. 18వ వారం తర్వాత ఆయన మనల్ని తిట్టడం మానేశారు. అంతకుముందు వారానికి రెండుసార్లు ఫోన్ చేసి "ఏంది సామీ, ఎప్పుడిస్తారు?" అని గట్టిగా అడిగేవారు. తర్వాత ఫోన్లు తగ్గాయి. హమ్మయ్య అనుకున్నాం. కస్టమరు తేదీ అడగడం మానేశాడంటే మన మీద ఆశ వదులుకున్నాడన్న మాట. ఈ లక్షణం కనిపించిన రోజే బండెక్కి ఆయన దగ్గరికి వెళ్లాలి. ఫోన్ చాలదు.

ముందు చూడాల్సింది

పని ఆగినట్టు అనిపించగానే ఒకరు సర్వరు అంటారు, ఒకరు ఇంకో మనిషి కావాలంటారు. అవన్నీ తర్వాత. ముందు సంతకం పెట్టిన కాగితం తియ్యండి. మన కాగితంలో నాలుగే ఉన్నాయి: మేత స్టాకు, రైతు ఖాతా, వసూళ్లు, నెల చివర స్టేట్‌మెంటు. ఆ కాగితాన్ని ఇప్పుడు చేస్తున్న పని పక్కన పెట్టి చూడటానికి పావుగంట చాలు. 22 వారాల్లో మనం ఒక్కసారి కూడా చూడలేదు. ఆ ఫైలు చివరిసారి తెరిచింది సంతకం పెట్టిన రోజే.

పరీక్షలో రెండో సగం ఇంకా సులువు. ఒక తెల్లకాగితం కస్టమరుకిచ్చి "వచ్చే విడతలో మీకు ఏమేం వస్తాయనుకుంటున్నారో రాయండి" అనాలి. అదే ప్రశ్నకి మన వాళ్లు విడిగా రాయాలి. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాలి. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి అడిగితే మాత్రం పనికిరాదు. ఒకరు చెప్పిందానికి ఇంకొకరు తలూపేస్తారు.

ఈ పరీక్ష నేను రద్దయ్యాక చేశాను. డీలరు గారు కోపంగా ఉన్నా, అడిగితే కాదనలేదు. గుమాస్తా గారి చేత రాయించారు. ఆయన కాగితం మీద 15 ఉన్నాయి. మన కాగితం మీద ఏడు. ఒప్పందంలోవి నాలుగు, ఎవరూ ఒప్పుకోకుండానే మనలో ఇద్దరు మొదలుపెట్టేసినవి మూడు. ఆయన రాసిన 15లో ఒప్పందంలో లేనివి 11. ఈ 11 ఎక్కడి నుంచి వచ్చాయో వెతుక్కుంటూ నా నోటుబుక్కు, వాట్సాప్ గ్రూపు, ఆయన పంపిన వాయిస్ మెసేజీలు రెండు రోజులు కూర్చుని మొదటి నుంచి చూశాను. పదకొండింటి వెనకా ఉన్న జబ్బు ఒకటే.

అసలు జబ్బు: "చూద్దాం"

3వ వారంలో మొదటి డెమో. నాలుగు స్క్రీన్లూ చూసి డీలరు గారు సంతోషపడ్డారు. లేచి వెళ్లబోతూ, గుమ్మం దగ్గర, "దీంట్లోనే పట్టుబడి లెక్క గూడా వస్తే బాగుంటది గదా" అన్నారు. నేను "చూద్దాం అన్నా" అన్నాను.

నా మనసులో ఉన్నది 'ఈ విడతలో కుదరదు' అని. పెద్దమనిషి, డబ్బిచ్చే మనిషి, గుమ్మంలో నిలబడి సరదాగా అడిగితే ముఖం మీద లేదని ఎలా అంటాం? మన దగ్గర లేదని చెప్పే మర్యాదైన పద్ధతి 'చూద్దాం'. పెళ్లి సంబంధం వద్దనుకున్నా, అప్పు ఇవ్వదలుచుకోకపోయినా అదే మాట అంటాం.

ఆయనకి వినబడింది వేరు. ఆయన రోజంతా రైతులతో మాట్లాడే మనిషి. రైతు వచ్చి "అన్నా, ఇంకో 40 సంచులు కావాల" అంటే ఈయన కూడా "చూద్దాంలే" అంటారు. సాయంత్రానికి ఆటోలో సంచులు వెళ్లిపోతాయి. ఆయన వ్యాపారంలో 'చూద్దాం' అంటే 'నీ పని నా మీద వేసుకున్నా, ఎప్పుడు ఎలా అన్నది నాకొదిలెయ్' అని. ఇద్దరమూ నెల్లూరు వాళ్లమే, ఒకే తెలుగు మాట్లాడాం, ఒకే మాటకి ఎదురెదురు అర్థాలు పట్టుకుని చెరో దిక్కుకి వెళ్లిపోయాం.

ఈ జబ్బు పట్టుబడకపోవడానికి కారణం, ఇందులో గొడవ జరగదు. స్కోప్ పెరగడమంటే కస్టమరు పట్టుబట్టి అడగటం, మనం లొంగిపోవడం అనుకుంటాం. అలాంటిది జరిగితే కనీసం అందరికీ గుర్తుంటుంది. ఇక్కడ ఎవరూ గొంతు పెంచలేదు. అందరూ నవ్వుతూ టీ తాగి లేచారు. మీటింగు నోట్సులో ఎక్కలేదు, ఎందుకంటే నా లెక్కలో అది తేలిపోయిన విషయం. ఆయన లెక్కలోనూ తేలిపోయిన విషయమే.

ఆ ఒక్క 'చూద్దాం' కింద ఏముంది

'పట్టుబడి లెక్క' అంటే ఇంకో స్క్రీను అనుకున్నాను. 17వ వారంలో అల్లూరు వైపు ఒక గుంట దగ్గరికి ఆయనతో కలిసి వెళ్లాకే అదేంటో తెలిసింది. మీలో ఎవరూ చూడలేదు కాబట్టి చెబుతాను.

తెల్లవారుజామున నాలుగున్నర. గుంటలో కొంత భాగమే పడుతున్నారు, మిగతా రొయ్య ఇంకా పెరగాలని. వల లాగి, క్రేట్లలో ఐసు వేసి తూకం వేస్తున్నారు. కొనేవాళ్ల మనిషి ఒక కిలో తీసి టార్పాలిన్ మీద పోసి, రెండేసి చొప్పున పక్కకి జరుపుతూ లెక్కపెట్టాడు. 62 అన్నాడు. రైతు తమ్ముడు మళ్లీ ఒక కిలో తీసి లెక్కపెట్టి 58 అన్నాడు. కాసేపు మాటలు నడిచి 60 కౌంటు దగ్గర ఆగారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. కౌంటు పెరిగితే రొయ్య చిన్నది, రేటు తక్కువ. అంటే ఆ నాలుగు రొయ్యల తేడా మీద మొత్తం తూకం రేటు మారుతుంది.

ఆ రోజు రేట్లు బయట పెట్టడం బాగోదు కాబట్టి గుండ్రటి అంకెలతో చెబుతాను. 800 కిలోలు, 60 కౌంటుకి కిలో 320 రూపాయలు అనుకోండి. 2,56,000 వస్తుంది. ఆ రైతుకి మూడు గుంటలున్నాయి, మూడింటికీ కలిపి డీలరు దగ్గర మేత బాకీ 6,40,000. మన ప్రోగ్రాము ప్రకారం వచ్చిన డబ్బంతా బాకీలోకి పోవాలి. డీలరు గారు గట్టు మీద నిలబడి రైతు వైపు చూసి, "సగం ఖాతాకి వేసుకో, సగం చేతికియ్యి. కరెంటు బిల్లు, కూలి ఉంటాయి గదా" అన్నారు గుమాస్తాతో. 1,28,000 ఖాతాకి పోయింది, బాకీ 5,12,000కి దిగింది. అదీ అక్కడితో అయిపోలేదు. ఆ 1,28,000ని ఏ గుంట బాకీలోంచి తగ్గించాలి? పట్టింది రెండో గుంటలో. మొదటి గుంట రైతు సొంతం, మూడోది కౌలు, కౌలు గుంటలో ఇంకో భాగస్తుడున్నాడు. గుమాస్తా గారు ఇదంతా చేతి పుస్తకంలో మూడు వరుసల్లో రాసేశారు.

మన ప్రోగ్రాములో ఖాతా రైతు పేరు మీద ఉంది. ఆయనకి కావాల్సింది రైతు, ఆ రైతు గుంట, ఆ గుంటలో ఈ పంట అన్న మూడు మెట్ల ఖాతా. కొంత పట్టినా పంట ముగియదు, ఖాతా మూసుకోదు. ఇది కొత్త స్క్రీను కాదు, ఉన్న నాలుగు స్క్రీన్లకీ పునాది మార్చడం. తిరిగొచ్చి లెక్కేస్తే ఆరు వారాల పని తేలింది. 3వ వారంలో గుమ్మం దగ్గర "పట్టుబడి లెక్క అంటే మీరు ఏం రాసుకుంటారో ఒక పేజీ చూపిస్తారా అన్నా?" అని అడిగి ఉంటే, ఆ ఎర్రబట్ట పుస్తకం ఆ రోజే తెరిచేవారు. అప్పటికి పునాది మార్చడానికి వారం కూడా పట్టేది కాదు. లేదా, కుదరదని చెప్పడానికి మన దగ్గర సరైన కారణం ఉండేది.

పరిష్కారం: మూడు జవాబులే

ఇక మీదట కస్టమరు అడిగిన దేనికైనా మన నోట రావాల్సినవి మూడే. 'ఈ విడతలో ఉంది.' 'ఈ విడతలో లేదు.' 'గురువారం సాయంత్రంలోపు చెబుతాను.' మూడోది అన్నప్పుడు ఆ గురువారం నోటుబుక్కులో పడాలి, పక్కన ఎవరు చెబుతారో పేరుండాలి. నోరు జారి 'చూద్దాం' అన్నా కంగారేం లేదు. వెంటనే "చూసి గురువారం చెబుతానన్నా" అని తేదీ తగిలించండి. తేదీ తగిలితే ఆ మాట వల్ల వచ్చే నష్టం చాలావరకు పోతుంది.

'లేదు' అనడం కష్టమని నాకు తెలుసు. దానికి అవతలివాళ్లు నొచ్చుకోని దారి ఒకటుంది: లేదనకుండా వెల చెప్పడం. "చెయ్యొచ్చన్నా. ఆరు వారాలు పడుతుంది. అప్పుడు నెల స్టేట్‌మెంటు దసరా తర్వాతకి పోతుంది. ఏది ముందు కావాలో మీరే చెప్పండి." వ్యాపారం చేసే మనిషికి ఇది వెంటనే అర్థమవుతుంది. రోజూ ఆయన చేసేది అదే. ఒక కొత్త పని లోపలికి రావాలంటే అంత బరువున్నది ఇంకోటి బయటికి పోవాలి, లేదా తేదీ, డబ్బు మారాలి. ఏమీ మారకుండా లోపలికి వచ్చిందంటే అది ఎవరో ఒకరి రాత్రుల్లోంచి వస్తోంది. 12వ వారం నుంచి మీలో ఇద్దరు అలా రాత్రులు కూర్చున్నారు. వాళ్లు మొదలుపెట్టిన ఆ మూడు పనులూ కస్టమరు కొడుకు నేరుగా ఫోన్ చేసి అడిగినవి. ఫోన్ ఎత్తడం వాళ్ల తప్పు కాదు. అలాంటి ఫోన్ వస్తే ఏం చెప్పాలో నేను ఎవరికీ చెప్పలేదు. ఇకపైన "రాసుకున్నానన్నా, మా వాళ్లతో మాట్లాడి గురువారం చెప్తాం" అని పెట్టేసి, అదే రోజు గ్రూపులో వెయ్యండి.

మాట్లాడిన రోజే వాట్సాప్‌లో రెండు వరుసలు వెళ్లాలి. రెండే. ఆయన గుంటల మీద తిరిగే మనిషి, మన పొడుగాటి మెయిళ్లు చదవరు. 8వ వారంలో నేను రెండు పేజీల స్కోప్ నోటు పంపి, ఆయన బొటనవేలు బొమ్మ పెడితే ఒప్పుకున్నారనుకున్నాను. ఆ బొమ్మకి అర్థం 'మెసేజి వచ్చింది' అని మాత్రమే. ఇకపై రాయాల్సింది ఇలా ఉండాలి: "పట్టుబడి లెక్క ఈ విడతలో లేదు. కావాలంటే ఆరు వారాలు, స్టేట్‌మెంటు ఆగుతుంది. సరేనా అన్నా?" జవాబు మాటల్లో రావాలి. రాకపోతే మర్నాడు ఫోన్ చేసి ఆ రెండు వరుసలూ చదివి వినిపించి, ఆయన నోటితో ఏం చెప్పారో గ్రూపులో రాయాలి.

వాయిస్ మెసేజీల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ పదకొండులో అయిదు వాయిస్‌లోనే వచ్చాయి. మూడు నిమిషాల మెసేజి, అందులో రెండు నిమిషాలు వానల గురించి, కరెంటు గురించి, చివర్లో ఒక కోరిక. ఒకరు విని 'ఓకే అన్నా' అని పెట్టేవారు, మిగతావాళ్లు ఎవరో విన్నారు కదా అని వదిలేసేవారు. ముందు విన్నవాళ్లు దాని కిందే ఆయన అడిగింది ఒక్క వరుసలో రాయాలి. ఏమీ అడగకపోతే 'ఏమీ అడగలేదు' అని రాయాలి.

దీనికి హద్దులున్నాయి. అక్టోబరు వానల్లో గుంట నీటిలో ఉప్పు తగ్గుతుంటే ఆ మనిషి మన కాగితాల గురించి మాట్లాడే స్థితిలో ఉండరు. అలాంటప్పుడు నిర్ణయం కోసం ఆయన్ని తరమొద్దు. మొదట్లోనే "మీరు దొరకనప్పుడు ఎవరి మాట చెల్లుతుంది?" అని అడిగి ఒక పేరు రాయించుకోవాలి. ఈ పనిలో ఆ పేరు గుమాస్తా గారిది అయ్యుంటే బాగుండేది. పుస్తకం రాసేది ఆయన. మన డెమోలకి ఆయన్ని ఒక్కసారి కూడా కూర్చోబెట్టలేదు.

మనలో మనకి

'దాదాపు అయిపోయింది' కూడా 'చూద్దాం' లాంటిదే, కాకపోతే ఇది మన లోపల తిరిగే మాట. దీనికి మందు చిన్నది. అయిందా లేదా అని అడగొద్దు. "గుమాస్తా గారు దీనితో ఇవాళ ఏ పని చెయ్యగలరు?" అని అడగండి. రసీదు కొట్టగలరు, బాకీ చూడగలరు అని చెప్పగలిగితే అయినట్టు. 90 శాతం అన్న అంకె మీటింగులో వినబడకూడదు.

చెడ్డ వార్త ఆలస్యంగా వచ్చింది. మీలో ఒకరికి 13వ వారంలోనే ఖాతా పునాది సరిపోదని అనుమానం వచ్చిందని ఇప్పుడు తెలిసింది. నాకు చెప్పడానికి మొహమాటపడ్డారు. గడువుకి వారమే ఉంది, నేను చికాగ్గా ఉన్నాను. అది పూర్తిగా నా లోపం. ఇక నుంచి ప్రతి సోమవారం మొదటి పది నిమిషాలు 'ఏది చెడేలా ఉంది' అన్నదానికే. నేను మధ్యలో మాట్లాడను, అందరూ చెప్పాకే అడుగుతాను.

మిగతా కారణాలు

పని చెడింది మనం ఎంచుకున్న టెక్నాలజీ వల్ల కాదు, ఆ డేటాబేసు ఇంతకి పదింతలు మోస్తుంది. గుంటల దగ్గర సిగ్నల్ లేకపోవడం నిజమే, కానీ నెట్టు లేకుండా ఎక్కించుకునే ఏర్పాటు 6వ వారానికే పనిచేసింది. మనుషులు చాలలేదనీ కాదు. 16వ వారంలో ఒకర్ని కలిపాం, ఆయనకి నేర్పడంలోనే మిగతావాళ్లకి పది రోజులు పోయాయి. ఆలస్యమైన పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. తెలిసీ చేశాను. రొయ్య రేటు పడిపోయి కస్టమరు వెనక్కి తగ్గాడని గ్రూపులో ఎవరో అన్నారు. ఆయన అలా అనలేదు. "మీరు చేస్తామన్నవి చెయ్యలేదు" అన్నారు. ఆయన విన్నదాన్ని బట్టి అది నిజం.

ఆయన కాగితం, మన కాగితం రెండూ జిరాక్స్ తీసి ఒక్కొక్కరి బల్ల మీద పెట్టాను. 11 వరుసల పక్కన ఏ వారం, ఎవరితో, ఏ మాటతో మొదలైందో రాశాను. మనవాళ్ల పేర్లు మాత్రం రాయలేదు. నాకు గుర్తులేనివి మీకు గుర్తుంటే శుక్రవారంలోగా చేత్తోనే దిద్దండి.

సోమవారం పొద్దున చీమకుర్తి వెళ్తున్నాం, గ్రానైటు లారీల లెక్క గురించి. ఇద్దరం వెళ్తాం, ఒకరు మాట్లాడతారు, ఇంకొకరు రాస్తారు. వాళ్ల దగ్గర లోడు పుస్తకం రాసే మనిషి ఎవరో కనుక్కుని ఆయన్ని కూడా కూర్చోబెట్టమని నిన్ననే ఫోన్ చేసి చెప్పాను. అయిదున్నరకి ఆఫీసు దగ్గర బండి ఉంటుంది.